రివ్యూ ఒక్కటీ లేనప్పుడు క్లయింటు ఏం చదువుతాడు?

అమెరికాలో షాపిఫై మీద చిన్న ఆన్‌లైన్ దుకాణం నడుపుకుంటున్న ఒకావిడ ఉందనుకుందాం. ఆరు నెలలుగా లెక్కలు రాయలేదు, పన్ను రిటర్ను గడువేమో దగ్గరపడుతోంది. రాత్రి పూట అప్‌వర్క్ తెరిచి సెర్చ్ పెట్టెలో మూడే మాటలు కొట్టింది: క్విక్‌బుక్స్, షాపిఫై, క్లీనప్. తెర మీద ఒకదాని కింద ఒకటి కార్డులు వచ్చాయి. ఒక్కో కార్డులో ఒక ఫొటో, మొదటి పేరు, ఇంటిపేరులో ఒక్క అక్షరం, దేశం, గంటకు ఎంతో, ఒక టైటిల్, కొన్ని స్కిల్స్, ఓవర్‌వ్యూ లోంచి మొదటి రెండు మూడు పంక్తులు. పాతవాళ్ల కార్డుల్లో జాబ్ సక్సెస్ స్కోరు, ఇప్పటిదాకా సంపాదించిన డాలర్లు కూడా ఉంటాయి. కొత్తవాళ్లకు ఆ చోటు ఖాళీ.

ఆ ఖాళీని పూడ్చాల్సింది టైటిలూ, ఆ మొదటి పంక్తులే. మిగతా ప్రొఫైల్ ఎంత బాగా రాసుకున్నా, ఇవి చదివి క్లిక్ చేస్తేనే క్లయింటు లోపలికి వస్తుంది.

ఈలాన్స్, ఓడెస్క్ అనే రెండు సంస్థలు కలిసిపోయి 2015లో అప్‌వర్క్ అనే పేరు పెట్టుకున్నాయి. అప్పటినుంచి మన జిల్లాల్లోంచి కూడా డిజైనర్లు, కోడర్లు, అకౌంటెంట్లు అక్కడ ఖాతాలు తెరుస్తూనే ఉన్నారు. వాళ్లలో చాలామంది మొదటి పని దొరక్కుండానే వెనక్కి వచ్చేస్తారు. పని రాక కాదు. ప్రొఫైల్‌ని ఉద్యోగానికి పెట్టే బయోడేటాలా రాయడం వల్ల. బయోడేటా రాసినవాడి గురించి చెబుతుంది. సెర్చ్ చేసే క్లయింటు వెతికేది తన ఇబ్బందిని.

ఒక ఉదాహరణ తీసుకుని చివరిదాకా నడిపిద్దాం. తెనాలిలో బీకాం చేసి, ఒక ఆడిటర్ గారి ఆఫీసులో నాలుగేళ్లు ట్యాలీ మీద పనిచేసిన యువకుడు ఉన్నాడనుకోండి. రైస్ మిల్లు లెక్కలు, రెండు మందుల షాపులవి, ఒక ట్రాన్స్‌పోర్టు కంపెనీది చూశాడు. నెలనెలా బ్యాంకు స్టేట్‌మెంటుతో పుస్తకాలు కలపడం, జీఎస్టీ పోర్టల్‌లో వచ్చే 2బీ స్టేట్‌మెంటుతో కొనుగోలు బిల్లులు సరిచూడటం అతని చేతిలో పని. అప్‌వర్క్‌లో అతను పెట్టిన మొదటి టైటిల్ ఇదీ:

```
Hardworking Accountant | Data Entry | Excel Expert | Virtual Assistant
```

అప్‌వర్క్ టైటిల్‌కు ఇచ్చేది 70 అక్షరాలు. ఖాళీలతో కలిపి లెక్కపెడితే ఇది సరిగ్గా 70. ఇచ్చిన చోటంతా వాడుకున్నాడు, కానీ ఆ దుకాణం ఆవిడ కొట్టిన మూడు మాటల్లో ఒక్కటీ ఇందులో లేదు. కష్టపడి పనిచేస్తానన్న మాటను ఎవరూ సెర్చ్‌లో కొట్టరు. డేటా ఎంట్రీ, వర్చువల్ అసిస్టెంట్ అన్నవి అతన్ని వేరే గుంపులోకి తోసేస్తాయి. అక్కడ పోటీ ఇంకా ఎక్కువ, ధర ఇంకా తక్కువ. పైగా నాలుగు పనులు ఒకే గీత మీద పేర్చినవాడు దేంట్లో గట్టివాడో చదివేవాళ్లకు తెలియదు. లెక్కల పుస్తకాలు అప్పగించేటప్పుడు ఆ అనుమానం చాలు, పక్క కార్డుకు వెళ్లిపోతారు.

సరైన మాటలు ఎక్కడ దొరుకుతాయి? క్లయింట్లు పెట్టిన జాబ్ పోస్టుల్లోనే. బుక్‌కీపింగ్ విభాగంలో ఓ ముప్పై పోస్టులు తెరిచి, ఒక కాగితం మీద రెండు వరసలు గీసుకోవాలి. ఒక వరసలో క్లయింటు పనికి పెట్టిన పేరు, రెండోదాంట్లో తన బాధను చెప్పిన మాట. మన దగ్గర అకౌంటెంట్ అంటాం, అక్కడ చిన్న వ్యాపారులు ఎక్కువగా బుక్‌కీపర్ అని వెతుకుతారు. మనం పెండింగ్ ఎంట్రీలు వేయడం అనేదాన్ని వాళ్లు క్యాచప్ అంటారు. తప్పుగా పడిన ఎంట్రీలు సరిచేయడం క్లీనప్. ట్యాలీ పేరు అమెరికా పోస్టుల్లో దాదాపు కనిపించదు. క్విక్‌బుక్స్ ఆన్‌లైన్, జీరో అన్న రెండు సాఫ్ట్‌వేర్ల పేర్లే మళ్లీ మళ్లీ వస్తాయి. బాధ వరసలో ఏముంటుంది? నెలల తరబడి రాయలేదు, బ్యాంకుతో కలవడం లేదు, షాపిఫై డబ్బు అమ్మకాలతో సరిపోవడం లేదు. ఈ కాగితం పూర్తయ్యాక టైటిల్ దాదాపు దానంతటదే తయారవుతుంది:

```
QuickBooks Online Bookkeeper | Catch-Up & Cleanup for Shopify Stores
```

ఇది 68 అక్షరాలు. మొదట సాఫ్ట్‌వేర్ పేరు, దాని పక్కన వృత్తి, గీత తర్వాత పని, చివర ఆ పని ఎవరికోసమో. ముఖ్యమైన మాటలు ముందుకు రావడానికి కారణం ఉంది: ఫోన్‌లో చూసేవాళ్ల కన్ను మొదటి నాలుగైదు మాటల మీదే ఆగుతుంది. సెర్చ్‌లో ఎవరిని పైన చూపాలో నిర్ణయించే సూత్రం మొత్తాన్ని అప్‌వర్క్ బయటపెట్టదు. కానీ టైటిల్‌లో, స్కిల్స్‌లో, ఓవర్‌వ్యూలో ఎక్కడా లేని మాటతో ప్రొఫైల్ దొరుకుతుందని ఆశించడం వృథా. అందుకే స్కిల్స్ చోట కూడా సొంత మాటలు కాకుండా, కొడుతుండగా సైటు సూచించే పేర్లలోంచే ఎంచుకోవాలి. క్లయింటు పోస్టు పెట్టేటప్పుడు ఎంచుకునేదీ ఆ పేర్లలోంచే.

మరి డేటా ఎంట్రీ కూడా వచ్చు కదా, దాన్ని వదిలేయాలా అంటే, అక్కర్లేదు. ప్రధాన ప్రొఫైల్‌తోపాటు అప్‌వర్క్ మరో రెండు ప్రత్యేక ప్రొఫైళ్లు పెట్టుకోనిస్తుంది. ఒక్కోదానికి వేరే టైటిల్, వేరే ఓవర్‌వ్యూ. రెండో పని అక్కడికి పోతుంది.

ఇక్కడ ఒక హద్దు గట్టిగా పాటించాలి. టైటిల్‌లో పెట్టే బిరుదు నిజంగా మనది కావాలి. చార్టర్డ్ అకౌంటెంట్ అని రాసుకునే హక్కు మన దేశంలో ఆ సంస్థ సభ్యులకే ఉంది. అమెరికాలో సీపీఏ అనేది రాష్ట్రాలు ఇచ్చే లైసెన్సు. సెర్చ్‌లో ఎక్కువగా కొట్టే మాట అని దాన్ని ఇరికిస్తే, క్లయింటు అడిగే మొదటి ప్రశ్నతోనే నమ్మకం పోతుంది, ఫిర్యాదు వెళితే ఖాతా కూడా పోవచ్చు. బుక్‌కీపర్ అన్న మాటకు లైసెన్సు అక్కర్లేదు, తెనాలి యువకుడు చేసే పనికి అదే సరైన పేరు.

స్కోరును బట్టి, సంపాదనను బట్టి వడకట్టే ఫిల్టర్లు క్లయింట్లకు ఉంటాయి. అవి పెట్టుకున్నవాళ్లకు కొత్తవాళ్లు కనిపించరు, టైటిల్ ఎంత బాగున్నా సరే. అందుకే మొదటి పని చాలామందికి సెర్చ్ నుంచి కాకుండా, తాము పంపిన ప్రపోజల్ నుంచి వస్తుంది. అయితే ప్రపోజల్స్ జాబితాలోనూ క్లయింటు ముందు పడేది అదే ఫొటో, అదే టైటిల్. ఉత్తరం బాగుందనిపిస్తే తర్వాత తెరిచేది ఆ ఓవర్‌వ్యూనే. ఒకసారి రాసింది రెండు దారుల్లోనూ పనిచేస్తుంది.

ఇక ఓవర్‌వ్యూ. అప్‌వర్క్ దీనికి 5000 అక్షరాలు ఇస్తుంది. అన్నీ నింపనక్కర్లేదు, అందులో మూడో వంతుకు తక్కువలోనే మంచి ఓవర్‌వ్యూ ముగుస్తుంది. అసలు బరువు మొదటి రెండు వాక్యాలది, ఎందుకంటే సెర్చ్ కార్డులో కనిపించేది అంతే. తన పేరు ఫలానా, తాను నిజాయితీపరుణ్ణి, నాణ్యమైన సేవ అందిస్తాను అని మొదలుపెడితే ఆ చోటు అక్కడే అయిపోతుంది. పేరు పైన ఎలాగూ ఉంది. నిజాయితీ అనేది చెబితే తెలిసేది కాదు.

మరి ఏది చెబితే నమ్ముతారు? క్లయింటు ఇబ్బందిని క్లయింటు కంటే స్పష్టంగా చెప్పగలిగితే. షాపిఫై దుకాణాల లెక్కల్లో తరచూ వచ్చే చిక్కు ఒకటుంది, దాన్ని దగ్గరగా చూద్దాం.

ఒక రోజు దుకాణంలో 1000 డాలర్ల అమ్మకాలు జరిగాయి. అందులో 60 డాలర్ల సరుకు వెనక్కి వచ్చింది. కార్డు చెల్లింపుల ఫీజు కింద 32 డాలర్లు కోసుకున్నారు. బ్యాంకులో పడింది 908 డాలర్లు. యజమాని క్విక్‌బుక్స్‌లో బ్యాంకు ఫీడ్ చూసి ఆ 908ని అమ్మకం అని నొక్కేస్తుంది. బ్యాంకు సరిపోయింది కాబట్టి అంతా బాగుందనుకుంటుంది. కానీ దుకాణం రిపోర్టులో 1000 ఉంది, పుస్తకంలో 908 ఉంది. తిరిగి వచ్చిన సరుకు ఎక్కడా లేదు, ఫీజు ఖర్చు ఎక్కడా లేదు. వసూలు చేసిన సేల్స్ టాక్స్ కూడా ఆ మొత్తంలోనే కలిసిపోతే, ప్రభుత్వానికి కట్టాల్సిన బాకీ ఆదాయంగా కనిపిస్తుంది. ఇలా ఆరు నెలలు సాగితే లాభం ఎంతో ఎవరూ చెప్పలేరు. దీనికి విరుగుడు ఒక క్లియరింగ్ ఖాతా. అమ్మకం 1000, వాపసు 60, ఫీజు 32 విడివిడిగా అందులో రాసి, 908ని అక్కడినుంచి బ్యాంకుకు బదిలీగా చూపితే ఆ ఖాతా సున్నాకు వస్తుంది. రాకపోతే ఏ రోజు తేడా పడిందో పట్టుకోవచ్చు.

ఈ సంగతి తెలిసినవాడు మొదటి రెండు వాక్యాలు ఇలా రాయగలడు:

```
Your Shopify payouts reach the bank after fees and refunds
are taken out, so the sales in QuickBooks never match the
store. I find the gap, fix the entries and reconcile every month.
```

మొత్తం 180 అక్షరాల పైచిలుకు. ఇందులో పొగడ్త లేదు, విశేషణం లేదు. చదివిన దుకాణం ఆవిడకు మాత్రం తన పుస్తకాన్ని ఎవరో తెరిచి చూసినట్టే ఉంటుంది. పైగా ఆమె సెర్చ్ చేసిన రెండు పేర్లూ ఇందులో సహజంగా వచ్చాయి. అదే మాటను పది సార్లు కుక్కాల్సిన పని లేదు. చివర నలభై సాఫ్ట్‌వేర్ల పేర్లు కామాలతో పేర్చే అలవాటు కొందరికి ఉంది. దాంతో సెర్చ్‌లో ఒకటి రెండు చోట్ల కనిపించవచ్చేమో కానీ, మనిషి చదివినప్పుడు మొదట రాసిన మంచి వాక్యాల మీద ఉన్న నమ్మకం కూడా కరిగిపోతుంది.

రెండో పేరాలో పని ఎలా సాగుతుందో, చివరికి చేతికి ఏమొస్తుందో చెప్పాలి. మొదటి వారంలో బ్యాంకు స్టేట్‌మెంట్లు, షాపిఫై రిపోర్టులు తీసుకుని తేడాల జాబితా ఇస్తాను. యజమాని ఒప్పుకున్నాకే ఎంట్రీలు మారుస్తాను. ప్రతి నెలా ఫలానా తేదీలోగా లాభనష్టాల పట్టిక, బ్యాలెన్స్ షీటు, రికన్సిలియేషన్ రిపోర్టు అందుతాయి అని. ఒప్పుకున్నాకే మారుస్తాను అన్న ఆ చిన్న మాట వదలకూడదు. లెక్కలు చెడగొట్టించుకుని వచ్చిన క్లయింట్లు చాలామంది ఉంటారు, వాళ్ల భయం అక్కడే ఉంటుంది.

మూడో పేరా కొత్తవాళ్లకు కష్టమైనది: ఆధారం. అప్‌వర్క్‌లో అనుభవం లేదంటే అనుభవమే లేదని కాదు. తెనాలి యువకుడి నాలుగేళ్ల పని నిజమైనదే, దాన్ని అమెరికా యజమానికి అర్థమయ్యేలా చెప్పడమే తరువాయి. జీఎస్టీఆర్ 2బీ అని రాస్తే ఆవిడకు ఒక్క ముక్క తెలియదు. సరఫరాదారుల బిల్లులను ప్రతి నెలా ప్రభుత్వ పన్ను రికార్డులతో ఒక్కొక్కటిగా సరిచూశాను అని రాస్తే అది రికన్సిలియేషన్ పనేనని వెంటనే పట్టుకుంటుంది. పాత క్లయింట్ల పేర్లు రాయకూడదు, ఒక రైస్ మిల్లు, రెండు ఫార్మసీలు అంటే చాలు. తన దగ్గర పనిచేసినవాడు పాత యజమాని రహస్యాలు బయటపెట్టాడని తెలిస్తే ఏ యజమానీ పుస్తకాలు ఇవ్వదు.

మన ఇంగ్లిషులో మనకు తెలియకుండా జారే మాటలు కొన్ని ఇక్కడే దొర్లుతాయి. లక్ష అన్న లెక్క వాళ్లకు లేదు, వంద వేలు అని రాయాలి. కాలేజీ నుంచి పాసవుట్ అయ్యానంటే అక్కడ స్పృహ తప్పి పడిపోయానని అర్థం. ఫ్రెషర్ అన్న మాటతో పనిలేదు. 03/04 అని తేదీ రాస్తే మనకు ఏప్రిల్ మూడు, వాళ్లకు మార్చి నాలుగు. లెక్కల మనిషి ప్రొఫైల్‌లో అది చిన్న పొరపాటు కాదు, నెల పేరు అక్షరాల్లో రాయడమే క్షేమం.

ట్యాలీ మనిషికి క్విక్‌బుక్స్ ఎక్కడిది అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్న. ఇంట్యూట్ సంస్థ 2023 జనవరి ఆఖరుతో ఇండియాలో క్విక్‌బుక్స్‌ను ఆపేసింది, కాబట్టి మన ఆఫీసుల్లో అది చేతికి వచ్చే అవకాశం తక్కువ. కానీ క్విక్‌బుక్స్ ఆన్‌లైన్‌కు బ్రౌజర్‌లోనే తెరిచి చూసే ఒక నమూనా కంపెనీ ఉంది. క్రెయిగ్స్ డిజైన్ అండ్ ల్యాండ్‌స్కేపింగ్ సర్వీసెస్ అన్న పేరుతో, ఎంట్రీలన్నీ ముందే వేసి ఉంటాయి. జీరోలోనూ డెమో కంపెనీ ఉంది. తెనాలి యువకుడు ఆ నమూనా కంపెనీలో పైన చెప్పుకున్న 908 డాలర్ల లెక్కను ముందు తప్పుగా వేసి, తర్వాత క్లియరింగ్ ఖాతాతో సరిచేసి, రెండు రిపోర్టులూ పీడీఎఫ్‌గా దించుకోవాలి. కిటికీ మూసేస్తే అందులో చేసిన పని నిలవదు, అందుకే మూసేముందే దించుకోవాలి. రెండు పేజీలు, పక్కన నాలుగు వాక్యాల వివరణ పెడితే అది పోర్ట్‌ఫోలియోలో మొదటి అంశం. ఇది నమూనా డేటా అని దాని మీదే రాయాలి. ఓవర్‌వ్యూలో ఒక్క వాక్యంలో అటు చూపితే చాలు. రివ్యూ లేని చోట, చదివేవాళ్లు తమ కళ్లతో సరిచూసుకోగలిగిన పని ఇది ఒక్కటే. సాఫ్ట్‌వేర్ మీద తొలిమెట్టులోనే ఉంటే అది కూడా దాచకూడదు: నాలుగేళ్ల బుక్‌కీపింగ్ ట్యాలీ మీద, క్విక్‌బుక్స్ నమూనా కంపెనీ మీద సాధన చేశాను అంటే ఎవరూ తప్పుపట్టరు.

చాలామంది రాయని పేరా మరొకటుంది. డబ్బు లెక్కల పనిలో క్లయింటు అసలు భయం పని రాదని కాదు, తన బ్యాంకు వివరాలు ఎవరి చేతిలో పడతాయోనని. దాన్ని ఆమె అడగక ముందే తీర్చేయాలి. బ్యాంకు పాస్‌వర్డ్ నాకు పంపకండి, స్టేట్‌మెంట్ల పీడీఎఫ్‌లు చాలు. క్విక్‌బుక్స్‌లో నన్ను యూజర్‌గా ఆహ్వానించి, పని అయిపోయాక తీసేయండి. అమెరికా పన్ను రిటర్నులు నేను దాఖలు చేయను, మీ సీపీఏకి పుస్తకాలు సిద్ధం చేసి ఇస్తాను. ఈ మూడు వాక్యాల్లో చేయనివే ఎక్కువ ఉన్నాయి. చేయనిది ముందే చెప్పినవాడు, చేస్తానన్నది చేస్తాడనే నమ్మకం కలుగుతుంది.

సమయం సంగతి కూడా ఒక వాక్యం. న్యూయార్క్‌లో ఉదయం 9 అంటే మనకు వేసవిలో సాయంత్రం 6.30, చలికాలంలో 7.30. రోజూ రెండు గంటలు వాళ్ల ఉదయానికి అందుబాటులో ఉంటానని, వాళ్ల టైములోనే రాస్తే చదివేవాళ్లకు లెక్కగట్టే శ్రమ తప్పుతుంది. చివర ఒక ప్రశ్నతో ఆపడం మంచిది: మీ పుస్తకాలు చివరిసారి బ్యాంకుతో కలిసింది ఏ నెలలో అని. జవాబు చెప్పడానికైనా ఆవిడ సందేశం పంపుతుంది. ఫోన్ నంబరు, మెయిల్, వాట్సాప్ మాత్రం రాయకూడదు. కాంట్రాక్టు మొదలవకముందు బయట కలుసుకునే వివరాలు ఇవ్వడం అప్‌వర్క్ నిబంధనలకు విరుద్ధం.

ఫైవర్‌లో ఈ లెక్క కొంచెం మారుతుంది. అక్కడ వెతికేది మనిషిని కాదు, గిగ్ అని పిలిచే ఒక్కో సేవను. టైటిల్ 80 అక్షరాల్లో, నేను ఫలానాది చేస్తాను అన్న వాక్యంగానే ఉంటుంది, వివరణకు 1200 అక్షరాలే. కాబట్టి ఒక్కో గిగ్‌కు ఒక్క పనే పెట్టాలి. క్యాచప్‌కు ఒకటి, నెలవారీ రికన్సిలియేషన్‌కు ఇంకొకటి.

రాసింది పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి ఊహల మీద ఆధారపడనక్కర్లేదు. ముందు ప్రొఫైల్‌ను బయటివాళ్లకు కనిపించే తీరులో తెరిచి, ఫోన్‌లో చూడాలి: టైటిల్ ఎక్కడ తెగుతోంది, మొదటి పంక్తుల్లో బాధా, పరిష్కారం రెండూ కనిపిస్తున్నాయా అని. తర్వాత అప్‌వర్క్ గణాంకాల పేజీ. ప్రొఫైల్ చూసినవాళ్లే లేకపోతే లోపం టైటిల్‌లో, స్కిల్స్‌లో ఉంది. మళ్లీ జాబ్ పోస్టుల దగ్గరికి వెళ్లి మాటలు సరిచూసుకోవాలి. ప్రపోజల్ తెరిచి చూస్తున్నారు కానీ పలకరించడం లేదంటే టైటిల్ తన పని చేసింది, ఉత్తరమో ఓవర్‌వ్యూనో ఆపేస్తోంది. టైటిలూ ఓవర్‌వ్యూ ఒకే రోజు రెండూ మార్చేస్తే దేనివల్ల తేడా వచ్చిందో తెలియదు. ఒకటి మార్చి రెండు మూడు వారాలు చూసి, అప్పుడు రెండోది ముట్టుకోవాలి.

మొదటి కాంట్రాక్టు పూర్తయి రివ్యూ పడ్డాక ఓవర్‌వ్యూలో మార్చాల్సింది ఆ మూడో పేరానే. నమూనా కంపెనీ వాక్యం కిందికి జరుగుతుంది. దాని చోటులో, ఒక దుకాణానికి ఎన్ని నెలల లెక్కలు సరిచేశాడో, ఎన్ని తేడాలు పట్టుకున్నాడో, క్లయింటు పేరు చెప్పకుండా, అంకెలతో వస్తుంది. మొదటి రెండు వాక్యాలు మాత్రం, షాపిఫై దుకాణాలకే పనిచేస్తున్నంత కాలం, అలాగే ఉంచుకోవచ్చు.